వారం దాటినా పదం నిలవాలంటే: టెట్, డీఎస్సీ తెలుగు పదజాలానికి కార్డుల పద్ధతి

టెట్‌కో డీఎస్సీకో చదివేవారి నోటు పుస్తకంలో దాదాపు ఒకే రకం పేజీలు కనిపిస్తాయి. ఎడమ పక్క ప్రకృతి, కుడి పక్క వికృతి. ఆ తరువాతి పేజీలో పర్యాయపదాలు, దాని తరువాత నానార్థాలు. ఒక సాయంత్రం కూర్చుని ఆ పేజీని ఏడెనిమిది సార్లు చదివితే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. సరిగ్గా వారం తరువాత బిట్ బ్యాంకు తెరిస్తే ‘ఓగిరం’ ఎదురవుతుంది. ఆ పదం ఏ పేజీలో, ఏ మూల, ఏ రంగు సిరాతో రాసుకున్నామో గుర్తుంటుంది కాని, దాని ప్రకృతి ఏమిటో గుర్తుకు రాదు. నేను మొదటిసారి టెట్ రాసినప్పుడు నా పరిస్థితి అచ్చంగా ఇదే. అది జ్ఞాపకశక్తి లోపమని చాలాకాలం అనుకున్నాను. నిజానికి లోపం చదివిన తీరులో ఉంది. ఏడుసార్లు చదవడంలో తప్పు లేదు, ఆ ఏడుసార్లూ ఒకే సాయంత్రం చదవడమే తప్పు.

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. ఒకసారి నేర్చుకున్న జాబితాను మళ్లీ నేర్చుకోవడానికి పట్టే శ్రమలో ఎంత ఆదా అవుతుందన్నది ఆయన కొలత. ఒక రోజు గడిచేసరికి ఆ ఆదా మూడింట ఒక వంతుకు పడిపోయింది. ఆరు రోజుల తరువాత చూస్తే నాలుగింట ఒక వంతు మిగిలింది. అంటే మరుపులో పెద్ద వాటా మొదటి రోజే జరిగిపోతుంది, ఆ తరువాత అది నెమ్మదిస్తుంది. అర్థమున్న పదాలు ఇంత వేగంగా జారిపోవు కాని, జారే తీరు మాత్రం ఇదే. కాబట్టి మొదటి పునశ్చరణ మరునాడే జరగాలి, ఆ తరువాతి వాటికి ఎడం పెంచుకుంటూ పోవచ్చు. స్పేస్‌డ్ రిపిటిషన్ అనే పేరు వెనుక ఉన్న ఆలోచన ఇంతే. దాన్ని తెలుగు పదజాలానికి ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

డబ్బా తయారు చేసుకోవడం

ఫోనులో చేసే దారి కూడా ఉంది, దాని సంగతి చివర చెబుతాను. మొదట కాగితంతో మొదలుపెట్టమనే నా సలహా, ఎందుకంటే తెలుగు పదాన్ని చేత్తో రాయడం వల్ల ఒక ప్రత్యేకమైన మేలు ఉంది. అది ఏమిటో కొంచెం ముందుకు పోయాక తెలుస్తుంది.

మందపాటి కాగితాన్ని అరచేతిలో పట్టేంత ముక్కలుగా కత్తిరించుకోండి. మొదటి నెలకు మూడు వందల అరవై చాలు. పాత చెప్పుల డబ్బా ఒకటి తీసుకోండి. కార్డుల కంటే కాస్త ఎత్తుగా ఉండే అట్టముక్కలు 31 కోసి, వాటి తలపై 1 నుంచి 31 వరకు అంకెలు వేసి, డబ్బాలో వరుసగా నిలబెట్టండి. అవి నెలలోని తేదీలు. ప్రతి కార్డూ తాను మళ్లీ కనపడవలసిన తేదీ గల అట్ట వెనుక నిలబడి ఉంటుంది. ఈ రోజు 13 అయితే 13 వెనుక ఉన్న కార్డులను మాత్రమే బయటికి తీస్తారు. ఏ పదాన్ని ఎప్పుడు చదవాలన్న లెక్క మీరు మోయవలసిన పని లేకుండా ఆ బాధ్యతను డబ్బా తీసుకుంటుంది.

ఎడాలు ఇవి: 1, 3, 7, 14, 28 రోజులు. ప్రతి ఎడాన్నీ కిందటిసారి చూసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. చివరిది 30 కాకుండా 28 ఎందుకయిందంటే, ఫిబ్రవరికి 28 రోజులే. ఫిబ్రవరి 5న చూసిన కార్డును 30 రోజుల తరువాతకు, అంటే మార్చి 7కు వేయాలని 7వ అట్ట వెనుక పెడితే, అది ఫిబ్రవరి 7నే బయటికి వచ్చేస్తుంది. 28 రోజులతో ఏ నెలలోనూ ఈ చిక్కు రాదు.

ఒక కార్డు నడకను చూద్దాం. జూన్ 2న మీరు ‘మొయిలు’ కార్డు రాశారు. దాన్ని 3వ అట్ట వెనుక పెట్టారు. జూన్ 3న తీసి చూసి అర్థం చెప్పగలిగితే మూడు రోజులు కలిపి 6 వెనుకకు, 6న చెప్పగలిగితే ఏడు కలిపి 13 వెనుకకు, 13న చెప్పగలిగితే 27 వెనుకకు పోతుంది. 27న కూడా చెప్పగలిగితే 28 రోజులు కలిపి జూలై 25కు పోతుంది. కార్డు మూలన పెన్సిలుతో గెలిచిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టండి. చుక్కలను లెక్కపెడితే తరువాతి ఎడం ఎంతో వెంటనే తెలుస్తుంది. ఐదు చుక్కలు పడిన కార్డును డబ్బాలోంచి తీసి, రబ్బరు బ్యాండు వేసిన విడి కట్టలో చేర్చండి.

ఇప్పుడు జూన్ 13న ఆ పదం గుర్తు రాలేదనుకుందాం. చుక్కలన్నీ చెరిపి, కార్డును 14వ అట్ట వెనుక పెట్టాలి. అక్కడి నుంచి 17, 24, జూలై 8, ఆగస్టు 5 తేదీలకు అది మళ్లీ నడుస్తుంది. మూడు చుక్కలున్న కార్డును పూర్తిగా కిందికి దించడం కొందరికి కఠినంగా తోచి, సగం వరకు దించి ఊరుకుంటారు. అది కూడా పనిచేస్తుంది కాని, ఎంత దించాలన్న ఆలోచన ప్రతి కార్డు దగ్గరా పుట్టడం కంటే, తప్పిందంటే రేపే అన్న ఒకే నియమం మేలని నా అనుభవం.

కార్డు మీద ఏమి రాయాలి

పద్ధతి ఫలించలేదని చెప్పేవారి డబ్బా తెరిస్తే తేదీలు సరిగానే ఉంటాయి, కార్డులే సరిగా ఉండవు. అందువల్ల ఈ భాగంపై ఎక్కువ సమయం పెట్టండి.

ఒక కార్డుకు ఒకే ప్రశ్న, ఒకే జవాబు ఉండాలి. ముందువైపు ‘సముద్రం’ అని రాసి వెనకవైపు సాగరం, కడలి, అర్ణవం, ఉదధి, వార్ధి, రత్నాకరం అని ఆరు రాసుకున్నారనుకోండి. కార్డు చూసినప్పుడు నాలుగు గుర్తొచ్చి రెండు రాలేదు. అది గెలుపా, ఓటమా? గెలుపు అనుకుంటే అర్ణవం, వార్ధి ఎప్పటికీ రావు. ఓటమి అనుకుంటే చక్కగా వచ్చిన సాగరం, కడలి కూడా అనవసరంగా రేపటికి వచ్చి కూర్చుంటాయి. అదే కార్డును తిప్పి, ముందువైపు ‘అర్ణవం’, వెనకవైపు ‘సముద్రం’ అని రాస్తే ఈ గొడవ ఉండదు. పరీక్షలో కూడా గీత గీసిన పదం ఇచ్చి దాని పర్యాయపదాన్ని గుర్తించమంటారు కాని, ఆరు పర్యాయపదాలను వరుసగా ఒప్పజెప్పమని అడగరు. సాగరం మీకు ఎలాగూ తెలుసు కాబట్టి దానికి కార్డే అక్కర్లేదు. తెలిసిన పదానికి కార్డు రాసుకుంటే సంతృప్తి కలుగుతుంది తప్ప పని జరగదు.

నానార్థాలకు కొంచెం వేరే ఏర్పాటు కావాలి. ‘కరము’ అని రాసి వెనుక చేయి, తొండం, కిరణం, పన్ను అని రాస్తే పై చిక్కే వస్తుంది. దాని బదులు సందర్భాన్ని ప్రశ్నలో పెట్టండి. ‘ఏనుగు కరము?’ అని ఒకటి, ‘సూర్యుని కరము?’ అని ఒకటి, ‘రాజుకు చెల్లించే కరము?’ అని ఒకటి. జవాబులు తొండం, కిరణం, పన్ను. ‘గుణం’ అంటే స్వభావమని అందరికీ తెలుసు కనుక ‘వింటికి కట్టే గుణం?’ అని మాత్రమే రాస్తే చాలు, అల్లెతాడు అన్న జవాబుతో పని పూర్తవుతుంది. ‘వాహిని’కి నది అన్న అర్థం వచ్చి సేన అన్న అర్థం రాకపోతే ఆ రెండోదానికే కార్డు వేయండి. హరి శబ్దానికి నిఘంటువులో విష్ణువు, కోతి, సింహం, గుర్రం, పాము, కప్ప ఇలా పెద్ద వరుస ఉంటుంది. దాన్నంతా ఒక్కసారి పెట్టుకోకండి. పాఠ్యపుస్తకాల పదజాలం అభ్యాసాల్లో వచ్చినవి మూడో నాలుగో ఎంచుకుని, వాటికి మాత్రమే కార్డులు రాయండి.

ప్రకృతి, వికృతులను రెండు దిక్కులా అడుగుతారు. అందువల్ల రెండు దిక్కులా తడుముకునే జంటకు రెండు కార్డులు వేయాలి. అయితే ఈ జంటల్లో చాలావాటిలో ఒక ధ్వని నియమం దాగి ఉంటుంది. యాత్ర జాతర అయింది, యజ్ఞం జన్నం అయింది, యముడు జముడు, యంత్రం జంత్రం అయ్యాయి. పదం మొదటి ‘య’ వికృతిలో ‘జ’ అయిందని ఒక్క కార్డు రాసుకుంటే ఈ నాలుగూ దాని నీడన బతుకుతాయి. భక్తి బత్తి అయినట్టే ముక్తి ముత్తి, శక్తి సత్తి అయ్యాయి. వీటికీ ఒక్క కార్డే చాలు. నియమానికి చిక్కనివి వేరు. ఉపాధ్యాయుడు ఒజ్జ అవుతాడనీ, ఆహారం ఓగిరం అవుతుందనీ, స్త్రీ ఇంతి అవుతుందనీ ఎవరూ ఊహించి చెప్పలేరు. పునశ్చరణ నిజంగా అవసరమయ్యేది ఇటువంటి జంటలకే, మీ కార్డుల్లో ఎక్కువ భాగం ఇవే ఉండాలి. ఇంకొక హెచ్చరిక: ఆకాశానికి వికృతి ఆకసం. మిన్ను దానికి పర్యాయపదం మాత్రమే. ఇచ్చిన నాలుగు ఎంపికల్లో ఈ రెండూ ఉంటే చేయి తడబడుతుంది, కనుక కార్డు ముందువైపు ‘వికృతి?’ అనో ‘పర్యాయపదం?’ అనో తప్పక రాయండి.

జంట సరైనదో కాదో అనుమానం కలిగితే గైడును నమ్మకండి. రెండు గైడులు రెండు రకాలుగా చెప్పడం మామూలే. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఉన్నదే తీసుకోండి, అందులో లేనిదాన్ని శబ్దరత్నాకరం వంటి నిఘంటువులో చూసుకోండి. తప్పు జవాబు రాసిన కార్డు కూడా ఇదే పద్ధతిలో అంతే బలంగా మనసులో పాతుకుపోతుంది, తరువాత దాన్ని పెకలించడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం.

కార్డును చూడడంలో ఒక క్రమం

కార్డు ముందువైపు చదివి, వెనక్కి తిప్పకముందే జవాబు చెప్పాలి. ఇది చెప్పడానికి చిన్న విషయంలా ఉంటుంది కాని, చాలామంది చేయనిది ఇదే. సగం గుర్తొస్తుండగానే తిప్పి చూసి, ‘ఆ, ఇదే అనుకున్నాను’ అని చుక్క పెట్టేస్తారు. చూశాక తెలిసినట్టు అనిపించడం వేరు, చూడకముందు తెలియడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు గద్యభాగాలు ఇచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకుని రాసినవారిదే పైచేయి అయింది. ఆ సాయంత్రం అంతా వచ్చేసిందన్న భావన మనల్ని ఎందుకు మోసం చేస్తుందో ఈ ఫలితంలోనే ఉంది.

కాబట్టి చిత్తు కాగితం ఒకటి దగ్గర పెట్టుకుని, జవాబును దానిమీద రాసి, ఆ తరువాతే తిప్పండి. పది సెకన్లలో రాకపోతే రానట్టే లెక్క. ఒత్తు తప్పినా, ద బదులు ధ రాసినా ఓటమిగానే పరిగణించండి. నోటితో చెబితే సరిపోదా అంటే, ఇక్కడే చేత్తో రాయడం వల్ల కలిగే మేలు బయటపడుతుంది. మనలో చాలామందికి మాటల్లో ద, ధ ఒకే మాదిరిగా పలుకుతాయి. చెవి ఆ తేడాను పట్టుకోదు. పరీక్షలో ప్రశ్న కంటికి కనిపిస్తుంది, పైగా ఆ ఒక్క ఒత్తు మీదే ఆధారపడి ఉంటుంది.

మొండికేసిన పదాలు: జలధి, జలదం

ఏ డబ్బాలోనైనా కొన్ని కార్డులు తప్పడం, రేపటికి రావడం, మళ్లీ తప్పడం చేస్తూనే ఉంటాయి. ఒక కార్డు నాలుగోసారి తప్పిందంటే దాన్ని ఇంకెన్నిసార్లు చూసినా లాభం లేదని అర్థం. దాన్ని డబ్బాలోంచి బయటికి తీసి, ఎందుకు తప్పుతోందో చూడాలి. చాలాసార్లు కారణం మరుపు కాదు, మరొక పదంతో కలిసిపోవడం.

నా డబ్బాలో అలా మిగిలినవి జలధి, జలదం. ఒకటి సముద్రం, ఒకటి మేఘం. ఏది ఏదో ప్రతి మూడో రోజూ మారిపోయేది. వాటికి తోడు పయోధి, పయోదం వచ్చాయి, ఆ తరువాత అంబుధి, అంబుదం, వాటి వెనుక నీరధి, నీరదం, వారిధి, వారిదం. మళ్లీ జలజం, అంబుజం, నీరజం, వారిజం అన్నీ తామరపువ్వులు. మొత్తం పద్నాలుగు కార్డులు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ, నెలరోజులపాటు ఒక్కటీ మూడు చుక్కలు దాటలేదు. ఇంకా గట్టిగా చదవాలనుకుని రోజుకు రెండుసార్లు చూశాను. తికమక ఇంకా పెరిగింది.

చివరికి చేసిన పని ఇది. పద్నాలుగు కార్డులనూ చింపేసి, కొత్తగా ఎనిమిది రాశాను. ఐదింటి మీద నీటి పేర్లు: జలం, అంబువు, నీరం, వారి, పయస్సు. ఇవన్నీ నీరే, వీటిలో సగం ముందే తెలుసు. మిగిలిన మూడు కార్డులే అసలైనవి. ‘పదం చివర ధి?’ అంటే ఉంచుకునేది, కనుక నీటిని ఉంచుకునేది సముద్రం. ‘పదం చివర ద?’ అంటే ఇచ్చేది, కనుక నీటిని ఇచ్చేది మేఘం. ‘పదం చివర జ?’ అంటే పుట్టినది, కనుక నీటిలో పుట్టినది తామర. ఈ మూడూ నిలిచాక, ఎన్నడూ చూడని తోయధి, తోయదం, తోయజం ఎదురైనా, తోయం అంటే నీరని తెలిస్తే చాలు, మూడూ వచ్చేస్తాయి. అబ్ధి, అబ్దం, అబ్జం కూడా ఇదే వరుస. అబ్దానికి సంవత్సరం అనే అర్థం కూడా ఉంది, శతాబ్దంలో ఉన్నది అదే. ఇదే తాళంతో మరికొన్ని తలుపులు కూడా తెరుచుకుంటాయి. ధనదుడు ధనం ఇచ్చేవాడు, అంటే కుబేరుడు. శరధి శరాలను ఉంచేది, అంటే అమ్ములపొది, శరానికి నీరు అనే అర్థం కూడా ఉండడంతో సముద్రమూ అయింది.

దీనికి ఒక మినహాయింపు పెట్టుకోవాలి. జలధరం, పయోధరం చూడగానే ‘ధ’ కనిపించి సముద్రం అనిపిస్తుంది. కాని అక్కడ ఉన్నది ‘ధర’, అంటే ధరించేది. అవి రెండూ మేఘాలే. దీనికి విడిగా ఒక కార్డు రాయండి, ఎందుకంటే నియమం బాగా వచ్చినవారే ఇక్కడ పడిపోతారు.

మీ డబ్బాలో మొండికేసే జంటలు ఇవే కాకపోవచ్చు. విధానం మాత్రం ఇదే: తప్పినప్పుడల్లా మీరు రాసిన తప్పు జవాబును కార్డు వెనుక మూలన చిన్నగా రాసిపెట్టండి. నాలుగు తప్పుల తరువాత ఆ మూల చూస్తే ఏ పదంతో కలిసిపోతోందో మీకే కనిపిస్తుంది. ఆ రెండింటినీ ఒకే కార్డు మీద పక్కపక్కన పెట్టి, తేడా ఏమిటన్నదే ప్రశ్నగా రాయండి. పాత రెండు కార్డులూ రెండు వారాలు పక్కన ఉండాలి.

రోజుకు ఎన్ని పదాలు

పన్నెండు. ఇది తక్కువగా తోస్తుంది, అలా తోచడంలోనే ప్రమాదం ఉంది. రోజుకు 12 కొత్త కార్డులు వేస్తూ పోతే రెండో రోజు నుంచి 12 కార్డులు చూడాలి, ఐదో రోజు నుంచి 24, పన్నెండో రోజు నుంచి 36, ఇరవై ఆరో రోజు నుంచి 48, యాభై నాలుగో రోజు నుంచి 60. తప్పినవి కలిపితే 70 వరకు పోతుంది. కార్డుకు పది సెకన్లు వేసుకుంటే అది పన్నెండు నిమిషాల పని, కొత్త కార్డులు రాయడానికి మరొక పావుగంటకు పైగా పడుతుంది. మొత్తం అరగంటలో ముగుస్తుంది.

మొదటి వారం తేలికగా ఉందని రోజుకు 40 వేసినవారికి పన్నెండో రోజున 120 కార్డులు, నెల తిరగకముందే 160 కార్డులు ఎదురవుతాయి. ఒక రోజు మానేస్తే మరునాడు 320. సరిగ్గా ఆ రోజే డబ్బా అటక ఎక్కుతుంది. మీకు సమయం ఎక్కువ ఉంటే మూడో వారం దాటాక, రోజు పని ఎంతవుతోందో చూసుకుని 15కు పెంచండి.

పెళ్లికో ఊరికో వెళ్లి నాలుగు రోజులు డబ్బా తెరవలేదనుకోండి. తిరిగి వచ్చాక పేరుకున్న కార్డులన్నీ ఒకే రాత్రి చూడాలని కూర్చోకండి. కొత్త కార్డులు పూర్తిగా ఆపి, చుక్కలు తక్కువ ఉన్నవి ముందు, ఎక్కువ ఉన్నవి వెనుక పేర్చి, రోజుకు వందకు మించకుండా చూస్తూ పోండి. నాలుగు చుక్కలున్న పదం మరో మూడు రోజులు ఆగగలదు, ఒక్క చుక్క కూడా లేని పదం ఆగలేదు.

పద్ధతి పనిచేస్తోందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒక్క లెక్క చాలు. ఏడు రోజుల ఎడం తరువాత చూసిన కార్డుల్లో, అంటే రెండు చుక్కలతో బయటికి వచ్చినవాటిలో, పదింటికి ఎన్ని తప్పుతున్నాయో వారం రోజులు రాసిపెట్టండి. ఒకటో రెండో తప్పితే అంతా సవ్యంగా ఉన్నట్టు. నాలుగు తప్పుతుంటే కొత్త పదాలను సగానికి తగ్గించి, కార్డుల రాతను మళ్లీ చూసుకోండి. ఒక్కటీ తప్పడం లేదంటే మీకు ముందే తెలిసిన పదాలకు కార్డులు వేస్తున్నారని అర్థం, సంతోషించవలసిన విషయమేమీ కాదు. మొదటి మరునాడే సగం తప్పుతుంటే లోపం పునశ్చరణలో లేదు. కార్డు రాసేటప్పుడు ఆ పదాన్ని ఒక వాక్యంలో పెట్టి అర్థం చేసుకోకుండా గుడ్డిగా ఎక్కించారన్నమాట.

పరీక్ష దగ్గర పడినప్పుడు

పరీక్షకు 25 రోజుల ముందు కొత్త కార్డులు ఆపేయండి. 1, 3, 7, 14 కలిపితే 25 అవుతుంది. చివరి రోజున రాసిన కార్డు కూడా పరీక్షలోపు నాలుగుసార్లు కనపడే వీలుంటుంది. చేతిలో 85 రోజులు ఉంటే మొదటి 60 రోజుల్లో 720 కార్డులు వేయగలుగుతారు. టెట్ 150 మార్కుల్లో మొదటి భాషకు ఉన్నవి 30, వాటిలో పదజాలం ఒక భాగం మాత్రమే. దానికి ఇంతకంటే ఎక్కువ కార్డులు వేయడం దండుగ. సంధులు, సమాసాలు, ఛందస్సు ఈ డబ్బాలో పెట్టకండి. సూత్రం పేరు గుర్తుండడానికి కార్డు సాయపడుతుంది కాని, పదాన్ని విడదీయడం అభ్యాసం వల్లనే వస్తుంది.

చివరి వారానికి వచ్చేసరికి డబ్బాలో చాలా కార్డులు పరీక్ష తేదీకి అవతల నిలబడి ఉంటాయి. వాటి వంతు వచ్చేదాకా ఆగడం వల్ల ప్రయోజనం లేదు. ఆ కార్డులన్నీ తీసి ఐదు సమాన భాగాలు చేసి, చివరి ఐదు రోజుల్లో రోజుకొక భాగం చొప్పున, ఆ రోజుకు రావలసినవాటితో కలిపి చూడండి. రబ్బరు బ్యాండు కట్టలోంచి కూడా ఇరవై కార్డులు కలిపి లాగి చూడండి. రెండు మూడు తప్పితే కంగారు లేదు, ఆ రెండు మూడింటినీ మరునాటికి వేసుకోండి. ఐదారు తప్పితే కట్ట మొత్తాన్నీ ఆ ఐదు భాగాల్లో పంచండి.

ఫోనులో చేయదలచుకుంటే

Anki అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ తేదీల లెక్కంతా తానే చూసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో దాని పేరు AnkiDroid. బస్సులో ప్రయాణించేవారికి డబ్బా కంటే ఇదే అనుకూలం. మొదలుపెట్టగానే సెట్టింగుల్లో New cards/day అన్నచోట ఉండే 20ని 12 చేయండి. Leech threshold అన్నది ఎన్నిసార్లు తప్పితే కార్డును మొండిదిగా లెక్కించాలో చెబుతుంది. అక్కడ 8 ఉంటుంది, దాన్ని 4కు దించండి.

జవాబు చూశాక Again, Hard, Good, Easy అని నాలుగు మీటలు కనిపిస్తాయి. జవాబు రాకపోయినా Again నొక్కడానికి మనసొప్పక Hard నొక్కడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. Hard అంటే కష్టపడినా వచ్చిందని అర్థం. రాని పదానికి అది నొక్కితే సాఫ్ట్‌వేర్ దాన్ని వచ్చిన పదంగా లెక్కించి మరింత దూరానికి నెట్టేస్తుంది, వారం తరువాత మళ్లీ పాత కథే. రాలేదంటే Again, వచ్చిందంటే Good, ఈ రెండు మీటలతోనే మొదటి రెండు నెలలు నడపండి. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దొరుకుతాయి కాని, కార్డును సొంతంగా రాయడంలోనే సగం చదువు జరిగిపోతుంది కనుక వాటి జోలికి పోవద్దు. ఫోనులో చూస్తున్నా పక్కన చిత్తు కాగితం తప్పదు. జలధి, జలదం తేడా అక్కడ కూడా చేతికే తెలుస్తుంది.